ప్రభల తీర్థం వీడియో: ఒకటే ఫిల్మ్, నాలుగు చోట్లకి ఎక్స్‌పోర్ట్. ప్రభ నడక కుదుపుగా ఎందుకు వస్తోంది?

అంబాజీపేట కెమెరా

అందరికీ నమస్కారమండి. కనుమ రోజు జగ్గన్నతోట తీర్థం షూట్ చేశాం. పదకొండు ఊళ్ల రుద్రులు, ఎగువ కౌశికలో నుంచి ప్రభలు దాటించడం, చేల మీద నుంచి మోసుకురావడం, అన్నీ దొరికాయి. ఎడిట్ అయిపోయింది, నిడివి 9 నిమిషాల 40 సెకన్లు. కెమెరా ఫుటేజ్ 4కె 25 ఫ్రేములు. డ్రోన్ షాట్లు 30లో ఉన్నాయి. కౌశిక దాటేటప్పుడు నేను అవతలి గట్టున ఉండిపోయాను కాబట్టి ఆ ఒక్క షాట్ మా బావ ఫోన్‌లో తీసింది. టైమ్‌లైన్ 25.

ఇది నాలుగు చోట్లకి వెళ్లాలి. యూట్యూబ్‌లో పూర్తి ఫిల్మ్, ఇన్‌స్టాలో ఒక నిమిషం రీల్, గల్ఫ్‌లో ఉన్న మా ఊరి వాళ్ల వాట్సాప్ గ్రూపు, శివరాత్రి జాగారం రాత్రి గుడి దగ్గర పెట్టే ఎల్ఈడీ వాల్. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న రెడీమేడ్ ప్రీసెట్‌తో 1080లో ఒక ఫైల్ తీసి అన్ని చోట్లా అదే వేసి చూశాను. ప్రభ పక్కకి కదిలే ప్రతి షాట్‌లో చిన్న చిన్న కుదుపు. టైమ్‌లైన్‌లో ప్లే చేస్తే మాత్రం ఈ కుదుపు లేదు. యూట్యూబ్‌లో కొబ్బరాకులు, వరి చేను ముద్దలా కనిపిస్తున్నాయి. మాస్టర్ ఫైల్‌నే పెన్‌డ్రైవ్‌లో వేసి మా టీవీకి పెడితే ‘ఫార్మాట్ సపోర్ట్ చేయదు’ అంటోంది. ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

పాలకొల్లు పెళ్లి వీడియో

తమ్ముడూ, ప్రీసెట్‌లు నమ్మకు. బిట్‌రేట్ 100 ఎంబీపీఎస్ పెట్టు, ఫ్రేమ్ రేట్ 60 పెట్టు. స్మూత్‌గా వస్తుంది, క్లారిటీ కూడా అదిరిపోతుంది. నేను పెళ్లిళ్లన్నీ అలాగే ఇస్తాను, ఇంతవరకూ ఎవరూ మాట అనలేదు.

తణుకు టేబుల్

60 పెడితే కుదుపు పోదండి. 25లో తీసిన దాంట్లో సెకనుకు 25 బొమ్మలే ఉన్నాయి, మిగతా 35 ఎక్కడ నుంచి తెస్తాం? సాఫ్ట్‌వేర్ ఉన్నవాటినే మళ్లీ మళ్లీ చూపిస్తుంది. అది కూడా సమానంగా కాదు, ఒక బొమ్మ రెండుసార్లు, ఇంకో బొమ్మ మూడుసార్లు.

అంబాజీపేట గారూ, అంచనాలు వద్దు, ముందు మీ ఫైలే చూద్దాం. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్‌ని వీఎల్‌సీలో తెరవండి. ప్రభ పక్కకి కదిలే షాట్ దగ్గర ఆపి, కీబోర్డు మీద E నొక్కుతూ వెళ్లండి. ఒక్కో నొక్కుకి ఒక్కో ఫ్రేమ్ వస్తుంది. ప్రభ ప్రతి నొక్కుకీ కదులుతోందా, లేక మధ్యలో ఎక్కడైనా కదలకుండా ఉంటోందా? ఉంటే ఎన్ని నొక్కులకొకసారి? దాంతోపాటు ఇది కూడా నడిపి, వచ్చింది ఇక్కడ పెట్టండి.

```
ffprobe -v error -select_streams v:0 \
 -show_entries stream=codec_name,width,height,pix_fmt,r_frame_rate,avg_frame_rate \
 -of default=nw=1 export.mp4
```

రావులపాలెం స్టూడియో

ప్రభ మోసేవాళ్లు పరుగెడుతుంటే మీరు కూడా పక్కన పరుగెత్తి తీసి ఉంటారు. గింబల్ బ్యాలెన్స్ సరిగా లేకపోతే అలాగే కుదుపు వస్తుంది. ఇంకోటి, షటర్ 1/50లో ఉందా? మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములకి 1/50 పెడితే ట్యూబ్‌లైట్లు, సీరియల్ సెట్లు మినుకుమనవు. ఫోన్లు మామూలుగా 30 మీద ఉంటాయి, రాత్రి లైటింగ్‌లో వాటిలో చారలు పాకుతుంటాయి. రాత్రి షాట్లు ఉంటే ఒకసారి చూసుకోండి.

అంబాజీపేట కెమెరా

రావులపాలెం అన్నా, అది ట్రైపాడ్ మీద పాన్ చేసిన షాట్. టైమ్‌లైన్‌లో నున్నగానే ఉంది కాబట్టి షూటింగ్‌లో వచ్చింది కాదనుకుంటున్నాను. రాత్రి షాట్లు లేవు.

తణుకు గారూ, మీరు చెప్పినట్టే చూశాను. ఐదు నొక్కులకి ప్రభ కదులుతోంది, ఆరో నొక్కుకి కదలడం లేదు. మళ్లీ ఐదు కదలికలు, మళ్లీ ఒక ఆగుడు. షాట్ మొత్తం ఇదే లెక్క. కమాండ్‌లో వచ్చింది ఇదీ:

```
codec_name=h264
width=1920
height=1080
pix_fmt=yuv420p
r_frame_rate=30/1
avg_frame_rate=30/1
```

తణుకు టేబుల్

దొరికిందండి. టైమ్‌లైన్ 25, ఫైల్ 30. ఆ ప్రీసెట్‌లో 30 అని రాసి ఉంది, మీరు గమనించే అవకాశం లేకుండా అది మార్చేసింది. సెకనుకు ఐదు ఫ్రేములు తక్కువ పడ్డాయి కాబట్టి ప్రతి ఐదు ఫ్రేముల తర్వాత ఒకదాన్ని రెండోసారి వేసి నింపింది. అంటే ప్రభ సెకనుకు ఐదుసార్లు ఆగి మళ్లీ నడుస్తుంది. మనుషులు నిలబడి మాట్లాడే షాట్‌లో ఇది ఎవరికీ తెలియదు. నిలువుగా అంత ఎత్తున ఉన్న వెదురు కట్టడం నీలాకాశం ముందు అడ్డంగా జరుగుతుంటే మాత్రం కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెళ్లి వీడియోల్లో పాలకొల్లు గారికి ఎవరూ చెప్పకపోవడానికి కారణం కూడా ఇదే అయి ఉంటుంది, అక్కడ ఇలాంటి షాట్లు తక్కువ.

ఎక్స్‌పోర్ట్ విండోలో ఫ్రేమ్ రేట్ దగ్గర టిక్ తీసి 25 పెట్టండి. ‘Match Source’ లాంటిది ఉంటే అది ఎంచుకోండి, అయినా కింద ఏం అంకె పడిందో కళ్లతో చూడండి. తర్వాత మళ్లీ E నొక్కి చూస్తే ఆ ఆగుడు ఉండదు.

ఇది కెమెరా షాట్ల సంగతి. డ్రోన్ షాట్లలో తిరకాసు ఇంకోలా ఉంటుంది. 30లో తీసింది 25 టైమ్‌లైన్‌లో పడితే ప్రతి ఆరు ఫ్రేముల్లో ఒకటి ఎగిరిపోతుంది. అప్పుడు ఆగుడు ఉండదు, చిన్న గెంతు ఉంటుంది. ఇది ఎక్స్‌పోర్ట్‌లో వచ్చేది కాదు, టైమ్‌లైన్‌లోనే ఉంటుంది. డ్రోన్‌కి ఎలాగూ శబ్దం ఉండదు కాబట్టి ఆ క్లిప్‌ల ఫ్రేమ్ రేట్‌ని క్లిప్ ప్రాపర్టీస్‌లోనే 25 అని చెప్పేయండి. ఉన్న ఫ్రేములన్నీ వరసగా వస్తాయి, ఒక్కటీ పోదు, వేగం మాత్రం ఆరింట ఐదు వంతులకు తగ్గుతుంది. చేల మీద ఎగిరే షాట్ అంత నిదానమైతే ఇంకా బాగుంటుంది కూడా. షాట్ నిడివి పెరుగుతుంది, చివర కత్తిరించుకోండి.

పాలకొల్లు పెళ్లి వీడియో

ఆ టెక్నిక్ బాగుంది మేడం, నేనూ వాడతాను. కానీ ఒక మాట. ఇన్‌స్టా వాళ్ల సహాయం పేజీలోనే రీల్‌కి కనీసం 30 ఫ్రేములు అని రాసి ఉంది. 25 పెడితే వాళ్లు ఊరుకుంటారా? అందుకే నేను 30 లేదా 60 అంటున్నాను.

తణుకు టేబుల్

ఆ మాట నిజమేనండి, అక్కడ అలాగే రాశారు. అయినా 25లో పెట్టిన రీల్స్ తీసుకుంటున్నారు, మా టేబుల్ మీద నుంచి వెళ్లేవన్నీ 25వే. మనం చేతులారా ఫ్రేములు రెట్టించి 30 చేసి పంపితే ఆ ఆగుడు ఫైల్‌లోనే అచ్చుపడిపోతుంది, తర్వాత ఎవరూ తీయలేరు. 25 ఇస్తే కనీసం మన వైపు నుంచి శుభ్రంగా వెళ్తుంది.

కాకినాడ రీల్స్

నేను దీంతో పూర్తిగా ఏకీభవించను అక్కా. ఫోన్ స్క్రీన్లు ఎక్కువగా 60 హెర్ట్జ్ మీద ఆడతాయి. 30 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము సరిగ్గా రెండుసార్లు పడుతుంది. 25 అయితే ఒకటి రెండుసార్లు, ఇంకొకటి మూడుసార్లు. పాన్ షాట్లలో నాకు ఆ తేడా ఫోన్ మీద తెలుస్తుంది. అందుకే రీల్ కోసమే తీసేవి మొదటి నుంచీ 30లో తీస్తాను. అంబాజీపేట బ్రో ఫుటేజ్ ఇప్పటికే 25 కాబట్టి ఇప్పుడు మార్చడం వల్ల లాభం లేదు, అది ఒప్పుకుంటాను. వచ్చే తీర్థానికి మాత్రం ఆలోచించుకోవాలి.

తణుకు టేబుల్

ఫోన్ మాట నిజమే. కానీ వచ్చే తీర్థంలోనూ అదే ఫుటేజ్ ఎల్ఈడీ వాల్‌కీ వెళ్తుంది, రాత్రి లైట్ల కింద కూడా తీస్తారు. ఒక్క రీల్ కోసం మొత్తం 30కి మారడం నాకైతే సరిపడదు. ఎవరి పని ఎక్కువ ఎక్కడికి వెళ్తుందో దాన్ని బట్టి.

రాజోలు – కువైట్

అన్నయ్యా, మాది రాజోలు పక్కన. ఇక్కడ మా రూములో మనవాళ్లమే ఉంటాం. పండక్కి రాలేకపోయాం కాబట్టి వీడియో ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాం. గ్రూపులో మామూలుగా పెడితే మనుషుల మొహాలు కూడా గుర్తుపట్టలేం, మసకమసగ్గా వస్తుంది. పోయినసారి మా ఊరి సంబరం వీడియో అలాగే పెట్టారు, మా నాన్న ఎవరో నాకు చొక్కా రంగు బట్టి తెలిసింది. డాక్యుమెంట్‌గా పెట్టండన్నా. కాకపోతే మరీ పెద్ద ఫైలైతే ఇక్కడ వైఫై మీద దిగడానికి రాత్రంతా పడుతుంది.

తణుకు టేబుల్

రాజోలు తమ్ముడు చెప్పింది సరిగ్గా అదే. వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్లీ నొక్కి చిన్నది చేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ముట్టుకోదు, 2 జీబీ దాకా వెళ్తుంది. ఇక సైజు ఎంత ఉండాలన్నది మన చేతిలోనే ఉంది. దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, చిన్న లెక్క చాలు. నిడివిని సెకన్లలోకి మార్చి, బిట్‌రేట్‌తో గుణించి, ఎనిమిదితో భాగిస్తే ఎంబీలు వస్తాయి.

మీ ఫిల్మ్ 580 సెకన్లు. 720లో సెకనుకు 4 మెగాబిట్లు పెడితే 290 ఎంబీ. ఫోన్ తెర మీద మొహాలు స్పష్టంగా తెలుస్తాయి, వైఫై మీద దిగుతుంది కూడా. ఇదే ఫిల్మ్‌ని 16 ఎంబీలో కూర్చోబెట్టాలంటే ఎంత వస్తుందో చూడండి: శబ్దంతో కలిపి సెకనుకు 0.22 మెగాబిట్. కొబ్బరితోటలు, నీళ్లు, వందల మంది జనం ఉన్న బొమ్మకి అది ఏ మూలకీ చాలదు. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, ఏ సెట్టింగ్ మార్చినా మసకే వస్తుంది. అందుకని ఎవరైనా ‘క్లారిటీ పోకుండా చిన్న ఫైల్ చెయ్యి’ అంటే ముందు నిడివి అడగండి.

పాలకొల్లు పెళ్లి వీడియో

అదే లెక్కన యూట్యూబ్‌కి నేను చెప్పిన 100 అయితే 7,250 ఎంబీ. మన ఊళ్ల నెట్ మీద అప్‌లోడ్ అవ్వడం కష్టమే. అయినా ఎక్కువ పెడితే ఎక్కువ క్లారిటీ అన్నది తప్పా?

తణుకు టేబుల్

కొంతవరకు తప్పు కాదండి. మనం ఇచ్చిన ఫైల్‌ని యూట్యూబ్ యథాతథంగా చూపించదు, దాన్ని మళ్లీ తన పద్ధతిలో ఎన్‌కోడ్ చేసుకుంటుంది. మనం ఇచ్చేది ఆ పనికి ముడిసరుకు మాత్రమే. ముడిసరుకు బాగుండాలి, నిజమే. కానీ ఒక హద్దు దాటాక మనం పెంచిన బిట్లు చూసేవాడి దాకా చేరవు.

అంబాజీపేట గారి కొబ్బరాకులు ముద్దగా రావడానికి అసలు కారణం వేరే ఉంది. కొబ్బరాకు గాలికి ఊగితే ప్రతి ఫ్రేములోనూ వందల సన్నటి గీతలు కొత్త చోట ఉంటాయి. కౌశిక నీళ్ల మీద అలలు, వరి దుబ్బులు కూడా అంతే. ఏ కోడెక్ అయినా పొదుపు చేసేది ‘ముందు ఫ్రేములో ఉన్నదే ఇక్కడా ఉంది’ అనే చోట. గోడ ముందు కూర్చుని మాట్లాడే మనిషి దగ్గర అది బోలెడు మిగులుస్తుంది. కోనసీమలో తీసిన దేంట్లోనూ అలాంటి ఖాళీ చోటు ఉండదు, బిట్లు ఎన్నున్నా చాలవు. దాని మీద 1080లో అప్‌లోడ్ చేస్తే యూట్యూబ్ ఇచ్చే వాటా చిన్నది.

మీ దగ్గర 4కె ఉంది కాబట్టి 4కెలోనే అప్‌లోడ్ చేయండి. 4కె అప్‌లోడ్‌కి వాళ్లు మెరుగైన కోడెక్ వాడతారు, బిట్లూ ఎక్కువ ఇస్తారు. చూసేవాళ్ల నెట్ మంచిదై, పైమెట్టు క్వాలిటీ పెట్టుకుంటే ఆకు ఆకులా కనిపిస్తుంది. 4కెకి 24 నుంచి 30 ఫ్రేముల దాకా వాళ్లు సూచించేది సెకనుకు 35 నుంచి 45 మెగాబిట్లు. 45 పెట్టినా మీ ఫైల్ 3,262 ఎంబీ. అప్‌లోడ్ వేగం సెకనుకు 10 మెగాబిట్లు ఉంటే ముప్పావు గంటలోపు ఎక్కిపోతుంది. పాలకొల్లు గారి 100తో అదే పని గంటన్నర దాటుతుంది, వచ్చే బొమ్మలో తేడా మాత్రం కనిపెట్టలేం.

ఇంకోటి. ఎక్కించిన వెంటనే చూసి కంగారు పడొద్దు. ముందు చిన్న సైజు వస్తుంది, 4కె తయారవడానికి సమయం పడుతుంది. గేరు గుర్తు నొక్కి 2160 కనిపించాకే మీ ఊరి గ్రూపులో లింక్ పెట్టండి.

భీమవరం ఎల్ఈడీ

ఆయ్, ఎల్ఈడీ వాల్ గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెబుతున్నాను. మేం సంబరాలకి, పెళ్లిళ్లకి వాల్స్ కడతాం. అందరూ మాకు 1920 బై 1080 ఫైల్ తెచ్చి ఇస్తారు. వాల్ ఆ ఆకారంలో ఉందా లేదా అని ఎవరూ అడగరు. మా దగ్గర ప్యానెల్ అరమీటరు బై అరమీటరు, 3.9 పిచ్. ఒక్కో ప్యానెల్‌లో 128 బై 128 చుక్కలు. ఊరి గుడి దగ్గర ఎక్కువగా కట్టేది అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఆరు. అంటే నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు, చుక్కల లెక్కలో 1024 బై 768. మీరిచ్చిన వెడల్పాటి బొమ్మని మా కుర్రోడు వాల్ నిండా సాగదీస్తాడు. ఎందుకంటే పైనా కిందా నల్లపట్టీ ఉంటే కమిటీ వాళ్లు ‘వాల్ సగం పని చేయట్లేదా’ అని అడుగుతారు. సాగదీస్తే మనుషులు సన్నగా పొడుగ్గా, ప్రభ ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తాయి.

అంబాజీపేట గారూ, మీకు వాల్ కట్టేవాళ్లని అడగండి: అడ్డంగా ఎన్ని ప్యానెళ్లు, నిలువుగా ఎన్ని, ఒక్కోదానికి ఎన్ని చుక్కలు. అడుగుల్లో చెబితే ఒప్పుకోవద్దు.

అంబాజీపేట కెమెరా

ఇప్పుడే ఫోన్ చేశానండి. అదే లెక్క, ఎనిమిది బై ఆరు, 128 చుక్కల ప్యానెళ్లు. వాళ్లు ప్లే చేసేది ల్యాప్‌టాప్ నుంచి కావచ్చు, పెన్‌డ్రైవ్ ప్లేయర్ నుంచి కావచ్చు, ఆ రోజు ఏది ఖాళీగా ఉంటే అది అన్నారు. మరి మా టీవీలో ప్లే అవ్వనిది వాళ్ల ప్లేయర్‌లో ఎలా అవుతుంది?

తణుకు టేబుల్

ముందు టీవీ సంగతి. మీరు పెన్‌డ్రైవ్‌లో వేసింది మాస్టర్ అన్నారు. అది ఏ కోడెక్?

అంబాజీపేట కెమెరా

డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అండి, ఎంఓవీ ఫైల్. దాని తర్వాత హెచ్.265లో 10 బిట్ ఫైల్ ఒకటి తీసి కూడా పెట్టి చూశాను. అప్పుడు శబ్దం వచ్చింది, బొమ్మ రాలేదు.

తణుకు టేబుల్

డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్, ప్రోరెస్ లాంటివి ఎడిటింగ్ వాళ్ల మధ్య తిరిగే ఫైళ్లు. టీవీలో వాటిని విప్పే చిప్ ఉండదు. ఇక శబ్దం వచ్చి బొమ్మ రాకపోతే కోడెక్ దగ్గరే ఆగిందని అర్థం. శబ్దం ఏఏసీ కాబట్టి అందింది, బొమ్మ అందలేదు. పాత టీవీలు, చవక ప్లేయర్లు చాలావాటికి హెచ్.265 తెలియదు, తెలిసినా 10 బిట్ దగ్గర ఆగిపోతాయి. ఎవరి చేతిలో, ఏ పెట్టెలో ఆడుతుందో తెలియని ఫైల్ ఎప్పుడూ హెచ్.264, 8 బిట్, `yuv420p`. అందంగా ఉండకపోవచ్చు కానీ ఆడుతుంది.

వాల్ కోసం నేనైతే పట్టీలు పెట్టను, మధ్యలో నాలుగు బై మూడు ముక్క కోస్తాను. 4కె ఫ్రేములో 2880 బై 2160 వస్తుంది, పక్కల్లో కొంత పోతుంది.

```
ffmpeg -i master.mov -vf "crop=2880:2160,scale=1024:768" \
 -c:v libx264 -profile:v high -pix_fmt yuv420p \
 -b:v 12M -maxrate 15M -bufsize 15M \
 -c:a aac -b:a 192k led.mp4
```

ఫ్రేమ్ రేట్ గురించి ఇందులో ఏమీ రాయలేదు చూడండి. రాయకపోతే మాస్టర్‌లో ఉన్న 25 అలాగే వస్తుంది. ఫైల్ సుమారు 880 ఎంబీ అవుతుంది. ఆ 4కె మాస్టర్ తీసుకెళ్లాలనుకున్నా పెన్‌డ్రైవ్‌లో ఎక్కకపోవచ్చు, ఎందుకంటే ఆ ప్లేయర్లు ఎక్కువగా చదివేది ఫ్యాట్32, అందులో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. డ్రైవ్‌లో 60 జీబీ ఖాళీ ఉన్నా ‘ఫైల్ మరీ పెద్దది’ అన్నట్టు మెసేజ్ వచ్చేది అందుకే.

మధ్య ముక్క కోసేటప్పుడు టైటిళ్లు చూసుకోండి. ఊళ్ల పేర్లు ఫ్రేము అంచున వేసి ఉంటే సగం అక్షరాలు పోతాయి. టైటిళ్లు లేని మాస్టర్ ఒకటి తీసి పెట్టుకుంటే ఏ ఆకారానికి ఆ టైటిళ్లు వేసుకోవచ్చు. నేను ఎవరి పని చేసినా ముందు తీసేది అదే.

భీమవరం ఎల్ఈడీ

మేడం చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ల్యాప్‌టాప్ నుంచి ఇస్తే ఫైల్ ఎంత శుభ్రంగా ఉన్నా కుదుపు మళ్లీ రావచ్చు. ల్యాప్‌టాప్ మామూలుగా 60 హెర్ట్జ్‌లో బయటకి ఇస్తుంది. డిస్‌ప్లే సెట్టింగ్‌లో వాల్‌కి వెళ్లే అవుట్‌పుట్‌ని 50కి మారిస్తే 25 ఫ్రేముల వీడియో సరిగ్గా రెండేసి చొప్పున పడుతుంది. మా ప్రాసెసర్ 50 తీసుకుంటుంది, మీ వాళ్లది కూడా తీసుకుంటుందేమో అడగండి. ఆపరేటర్ కుర్రాళ్లు దీన్ని ముట్టుకోరు, దగ్గరుండి మార్పించుకోవాలి. ఇంకా, వాల్‌ని పగటిపూట పరీక్ష చేస్తే ఏమీ తెలియదు. చీకటి పడ్డాక ఒక పాన్ షాట్ వేసి, ముందు వరసలో కాకుండా జనం నిలబడే చోట నుంచి చూడండి.

కాకినాడ రీల్స్

రీల్ గురించి కూడా చెబుతాను. 4కె ఫ్రేములో నిలువు ముక్క కోస్తే 1215 బై 2160 వస్తుంది, రీల్‌కి కావలసింది 1080 బై 1920. అంటే కోసినా ఇంకా మిగులే. అదే 1080 ఫైల్ నుంచి కోస్తే 607 చుక్కల వెడల్పే మిగులుతుంది, దాన్ని సాగదీస్తే ముద్దే. కాబట్టి ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్ నుంచి కాకుండా టైమ్‌లైన్‌లోనే కొత్త నిలువు సీక్వెన్స్ పెట్టుకోండి.

ప్రభ నిలువు ఫ్రేముకి పుట్టినట్టే ఉంటుంది బ్రో. కాకపోతే మధ్యలో గుడ్డిగా కోయకండి. షాట్ షాట్‌కీ ముక్కని పక్కకి జరిపి, ప్రభ వెళ్లే వైపు కొంచెం ఖాళీ వదలండి. మోసేవాళ్ల భుజాలు, మొహాలు ఫ్రేములో కింద ఉంటాయి, సరిగ్గా అక్కడే రీల్ మీద పేరూ క్యాప్షనూ పడతాయి. కుడివైపు లైక్ బటన్లు. కింద దాదాపు పావు వంతు పోయిందనుకుని కొంచెం పైకి జరపండి. ‘అశ్శరభ శరభ’ అని అరిచే చోట మొహాలు కనిపించకపోతే ఆ రీల్ తీసి ప్రయోజనం లేదు.

ప్రభలన్నీ బారుగా నిలబడ్డ ఆ వెడల్పాటి షాట్ మాత్రం రీల్‌లో వాడకండి. ఎలా కోసినా రెండు ప్రభలే మిగులుతాయి.

అంబాజీపేట కెమెరా

అందరికీ చాలా థాంక్స్ అండి. 25లో మళ్లీ తీశాను, E నొక్కితే ప్రతి నొక్కుకీ ప్రభ కదులుతోంది. డ్రోన్ షాట్లు 25కి మార్చాను, నిజంగానే నిదానంగా బాగున్నాయి. 4కె యూట్యూబ్‌కి ఎక్కుతోంది. వాట్సాప్ ఫైల్ 290 దగ్గరే వచ్చింది.

ఒక్కటే మిగిలింది. మా బావ ఫోన్ షాట్, కౌశిక దాటేది. మీడియాఇన్ఫోలో `Frame rate mode : Variable` అని చూపిస్తోంది. క్లిప్ మొదట్లో అరుపులు, పెదాలు కలుస్తున్నాయి, చివరికొచ్చేసరికి శబ్దం ముందుకి వెళ్లిపోతోంది. దీన్ని డ్రోన్ లాగా నిదానం చేయలేను, అరుపులున్నాయి.

తణుకు టేబుల్

ఫోన్లు వెలుతురు తగ్గితే, వేడెక్కితే ఫ్రేములు సమానంగా తీయవు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అన్నీ సమానమే అనుకుని పేరుస్తుంది, అందుకే శబ్దం జారుతుంది. ఎడిట్‌లోకి తెచ్చే ముందే దాన్ని స్థిరమైన 30కి మార్చండి. టైమ్‌లైన్‌లో క్లిప్ బదులు ఇది పెట్టండి.

```
ffmpeg -i phone.mp4 -vf fps=30 -c:v libx264 -crf 14 \
 -pix_fmt yuv420p -c:a pcm_s16le phone_cfr.mov
```

శబ్దం కలుస్తుంది. 30 నుంచి 25కి వచ్చే చిన్న గెంతు మాత్రం ఉంటుంది. చేత్తో పట్టుకుని తీసిన షాట్ కాబట్టి ఆ ఊపులో కలిసిపోతుంది, వదిలేయండి.

పాలకొల్లు పెళ్లి వీడియో

ఆప్టికల్ ఫ్లో పెడితే ఆ గెంతు కూడా పోతుంది కదా మేడం? మధ్య ఫ్రేములు అదే తయారు చేస్తుంది.

తణుకు టేబుల్

చేస్తుంది కానీ ఈ షాట్‌లో కాదండి. నీళ్లు చిమ్ముతున్నాయి, మోకులు, వెదుళ్లు ఒకదాని మీద ఒకటి దాటుతున్నాయి. అలాంటి చోట అది ఊహించి గీసే ఫ్రేముల్లో వెదురు మెత్తగా వంగుతుంది, చేతులు నీళ్లలో కరిగిపోతాయి. గెంతు నయం.

పాలకొల్లు పెళ్లి వీడియో

ఒక పెళ్లి ఊరేగింపు షాట్‌లో నాకు బాగానే వచ్చింది. నీళ్లు లేవులెండి. అంబాజీపేట తమ్ముడూ, ఒక ఐదు సెకన్లు రెండు రకాలుగానూ తీసి ఇక్కడ పెట్టు, చూద్దాం.

రాజోలు – కువైట్

ముందు మాకు ఆ 290 ఎంబీది పెట్టెయ్ అన్నా, ఈ రాత్రికి డ్యూటీ లేదు.

అంబాజీపేట కెమెరా

ఫోన్ షాట్ మార్చి మళ్లీ ఎక్స్‌పోర్ట్ పెట్టాను తమ్ముడూ, అయిపోగానే గ్రూపులో వేస్తాను. డాక్యుమెంట్‌గానే. పాలకొల్లు అన్నా, ఆ రెండు రకాల ముక్కలూ రేపు పెడతాను.